బొగ్గు బిళ్లలు, పడని మందులు: విదేశీ రోగికి మాట సాయం చేసేటప్పుడు



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం మన అవగాహన సభల్లో ఎప్పుడూ రానిది. మలేరియా, క్షయ, గర్భిణీల రక్తహీనత గురించి చాలాసార్లు చెప్పుకున్నాం. విదేశం నుంచి వచ్చిన మనిషికి మన ఊళ్లో కడుపు చెడితే, ఆ మనిషికీ డాక్టరుకీ మధ్య నిలబడి మాటలు చేరవేయడం ఎలాగో ఈ పూట చెప్పుకుందాం.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి విదేశీయులు గుంపులుగా రారు. అయినా శాలిహుండం స్తూపాలు చూడడానికో, రామతీర్థం కొండల మీది బౌద్ధ శిథిలాలు చూడడానికో, చలికాలంలో తేలినీలాపురంలో పక్షుల్ని ఫొటోలు తీయడానికో ఇద్దరో ముగ్గురో వస్తూనే ఉంటారు. వారిలో ఎవరికైనా రాత్రిపూట విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రికి తీసుకొచ్చేది ఎవరు? లాడ్జీ కుర్రవాడు, ఆటో అబ్బాయి, లేకపోతే మన యూత్ ఫెలోషిప్‌లో ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలు. అంటే మీరే.

డాక్టరుగారికి ఇంగ్లీషు రాదా అని మీరు అడగవచ్చు. వస్తుంది. కానీ రోగి వెంట ఎప్పుడూ ఉండేది డాక్టరు కాదు. చీటీ రాసే అమ్మాయి, రక్తం తీసే ల్యాబ్ అబ్బాయి, సెలైన్ పెట్టే నర్సు, మందుల షాపు ఆయన, అందరితోనూ పని పడుతుంది. పైగా వచ్చిన వాళ్లందరిదీ ఇంగ్లీషు దేశం కాదు. జర్మనీ వాళ్లు, ఫ్రాన్సు వాళ్లు, జపాను వాళ్లు మనలాగే ఇంగ్లీషును బళ్లో నేర్చుకున్నవాళ్లే. రెండు వైపులా అరువు భాష అన్నమాట. మన జిల్లాలో ఒకప్పుడు దీనికి తలకిందులుగా జరిగేది. సోంపేటలో కెనడా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ డాక్టరు బెన్ గల్లిసన్‌గారు కంటి ఆపరేషన్లు చేసేవారు. 1963లో కెనడాలో మొదలైన ఆపరేషన్ ఐసైట్ సంస్థకి ఆయన పనే ప్రేరణ. అప్పుడు డాక్టరు విదేశీయుడు, రోగి మనవాడు. ఇప్పుడు రోగి విదేశీయుడు, మాట మోసే పని మాత్రం అదే.

నేను ఇక్కడ ఒక్క సంగతే వివరంగా చెబుతాను. నా కళ్లముందు జరిగింది. పేర్లు అక్కర్లేదు.

ఒక జనవరి నెలలో తెల్లవారుజామున జర్మనీ దేశస్థురాలిని ఒకామెని, ముప్పై నాలుగేళ్లుంటాయి, లాడ్జీలో పనిచేసే డిగ్రీ చదివే కుర్రవాడు తీసుకొచ్చాడు. వెంట ఆమె భర్త ఉన్నాడు కానీ ఆయనకి ఇంగ్లీషు రాదు. కుర్రవాడు మంచివాడు, తెలివైనవాడు. ఆ రాత్రి వాడు చేసిన పొరపాట్లన్నీ మంచి మనసుతో చేసినవే. అందుకే చెబుతున్నాను.

ఆమె మొదట అన్న మాట, "ఐ ఫీల్ వెరీ సిక్. ఐ వాజ్ సిక్ ఫోర్ టైమ్స్." వాడు నాతో, "సిస్టరమ్మా, ఈవిడకి ఒంట్లో అస్సలు బాగాలేదట. ఇంతకుముందు నాలుగుసార్లు ఇలాగే జబ్బు చేసిందట" అన్నాడు. పాత జబ్బు అనుకుని నేను ఏళ్ల లెక్క అడగబోయాను. అసలు సంగతి వేరు. మన ఇంగ్లీషు బళ్లో 'సిక్' అంటే జబ్బు. బ్రిటిషు ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లు 'ఫీల్ సిక్' అంటే కడుపులో వికారంగా, డోకు వచ్చేట్టుగా ఉందని. 'వాజ్ సిక్' అంటే వాంతి అయిందని. నాలుగుసార్లు జబ్బు కాదు, ఆ రాత్రి నాలుగు వాంతులు. అమెరికా వాళ్లయితే అదే మాటని 'థ్రో అప్' అంటారు. ఇలాంటప్పుడు మీరు చేయవలసింది సులభం. చేతితో నోటి దగ్గర నుంచి బయటికి సైగ చేసి, 'వామిట్?' అని అడగండి. ఆ మాట అన్ని దేశాల వాళ్లకీ కాస్తో కూస్తో తెలుసు.

తర్వాత నేను అడిగాను, ఎన్ని మోషన్లు అయ్యాయని. వాడు ఆమెని "హౌ మెనీ మోషన్స్?" అన్నాడు. ఆమె అయోమయంగా చేతులు కదిపి చూపించింది. 'మోషన్' అంటే ఆమెకి కదలిక. మనం ఇక్కడ అనుకునే 'మోషన్స్', 'లూజ్ మోషన్స్' అన్నవి మన దేశపు ఇంగ్లీషు మాటలు. ఆమెకి అర్థమయ్యేది 'డయేరియా', లేదా 'టాయిలెట్‌కి ఎన్నిసార్లు వెళ్లారు' అన్న ప్రశ్న. అలా అడగ్గానే పది అని వేళ్లు చూపించింది. మీకు ఇంగ్లీషు ఎంత వచ్చినా సరే, మన ఊరి ఇంగ్లీషు అవతలివారిది కాదని ముందు గుర్తు పెట్టుకోవాలి.

సంఖ్య ఒక్కటే చాలదు. నీళ్లలా వెళ్తున్నాయా, జిగట ఉందా, రక్తం పడుతోందా అని మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. నీళ్ల విరేచనాలకి ఒక వైద్యం, రక్త విరేచనాలకి ఇంకొక వైద్యం. కుర్రవాడు సిగ్గుపడి ఈ మూడింటినీ కలిపి "ఈజ్ ఇట్ బ్యాడ్?" అని అడిగాడు. ఆమె "యెస్, వెరీ బ్యాడ్" అంది. దానివల్ల మాకు తెలిసింది ఏమీ లేదు. మగపిల్లవాడు పరాయి ఆడమనిషిని ఈ మాటలు అడగడం కష్టమే, కాదనను. అడగలేకపోతే 'సిస్టర్, ఇది నేను అడగలేను' అని చెప్పండి, మేం కాగితం మీద బొమ్మ గీసైనా అడుగుతాం. అడిగినట్టు నటించడం మాత్రం వద్దు.

ఇంకా పెద్ద ఇబ్బంది తర్వాత వచ్చింది. ఆడమనిషికి మందు రాసే ముందు గర్భం ఉందేమో అడగాలి, కొన్ని మందులు గర్భిణికి ఇవ్వకూడదు. మా ఆయా పక్కనే నిలబడి, "ఏటి బాబూ, ఈవిడ కడుపుతో ఉన్నాదేటో అడుగు" అంది. వాడు ఆ మాట విని 'కడుపు' ఒక్కటే పట్టుకున్నాడు. "స్టమక్?" అన్నాడు. ఆమె పొట్ట పట్టుకుని, "యెస్, యెస్, స్టమక్, బిగ్ పెయిన్" అంది. వాడు మాతో "అవునటండీ" అన్నాడు. రిజిస్టరు రాసే అమ్మాయి గర్భిణి అని రాసేసింది కూడా. మన తెలుగులో కడుపు పొట్టకీ ఒకటే, గర్భానికీ ఒకటే. మనకి సందర్భం చెప్పేస్తుంది, వాడి బుర్రలో ఆ సందర్భం కడుపునొప్పే. మళ్లీ 'ప్రెగ్నెంట్?' అని అడిగితే ఆమె కంగారుపడి "నో, నో" అంది. అందుకని మాట మోసేవాళ్లు ఉన్నప్పుడు మనం, అంటే ఆసుపత్రి వాళ్లం కూడా, 'గర్భం' అనే మాటే వాడాలి, చివరిసారి నెలసరి ఎప్పుడని తేదీ అడగాలి. తేదీకి రెండు అర్థాలు ఉండవు.

జ్వరం సంగతి. ఆమె దగ్గర థర్మామీటరు ఉంది, లాడ్జీలోనే చూసుకుంది. "థర్టీ ఎయిట్ పాయింట్ ఫైవ్" అంది. కుర్రవాడు, "జ్వరం లేదండీ, ముప్పై ఎనిమిదేనట, మనకి తొంభై ఎనిమిది ఉండాలి కదా" అన్నాడు. యూరప్ వాళ్లు సెల్సియస్‌లో చూసుకుంటారు, మనం ఫారన్‌హీట్‌లో. వారి 37 మన 98.6. వారి 38.5 అంటే మన 101.3, అంటే మంచి జ్వరమే. వారి 40 అంటే మన 104. మీరు లెక్క కట్టనవసరం లేదు. ఆమె ఏ అంకె చెప్పిందో ఆ అంకె చెప్పండి, 'సెల్సియస్' అన్న మాట కూడా చేర్చండి. లెక్క మేం చూసుకుంటాం. జ్వరం ఉందా లేదా అన్న తీర్పు మీది కాదు.

ఇక బొగ్గు. ఇది మీరు నవ్వుతారు, మేమూ నవ్వాం, కానీ ఆ రాత్రి అందరికంటే ఎక్కువ భయపెట్టింది ఇదే.

విరేచనం ఏ రంగులో ఉందని అడిగితే ఆమె "బ్లాక్" అంది. డ్యూటీ డాక్టరుగారు వెంటనే కుర్చీలోంచి లేచారు. పేగు పైభాగంలో, కడుపులో రక్తం కారితే అది అరిగి విరేచనం తారులా నల్లగా వస్తుంది. అలా అయితే అది ప్రాణాపాయం. రక్తం గ్రూపు చూడాలి, పెద్దాసుపత్రికి పంపాలి. అంబులెన్సు డ్రైవరుని లేపమని చెప్పేశారు. అప్పటికి ఆమె ఏదో నాలుగుసార్లు చెబుతూనే ఉంది, కుర్రవాడు మాత్రం మాకు చెప్పడం లేదు. "ఏమంటోందిరా?" అని గట్టిగా అడిగితే, వాడు నా చెవిలో, "సిస్టరమ్మా, ఈవిడ బొగ్గు తిందట. జ్వరంలో ఏదో మాట్లాడుతోంది" అన్నాడు.

ఆమె జ్వరంలో మాట్లాడలేదు. జర్మనీలో విరేచనాలకి బొగ్గు బిళ్లలు మింగడం పాత అలవాటు. మందుల దుకాణంలోనే అమ్ముతారు. శుద్ధి చేసిన బొగ్గుపొడి, విషం తాగినవారికి మన ఆసుపత్రుల్లో కలిపి తాగించేది కూడా అదే రకం. అది మింగితే విరేచనం నల్లగా వస్తుంది. అమెరికావాళ్లు వాడే బిస్మత్ మందుతోనూ, రక్తం పెరగడానికి వేసే ఐరన్ బిళ్లలతోనూ నల్లగానే వస్తుంది. ఆమె సంచిలో ఉన్న అట్ట డాక్టరుగారు చూసి, నాడి, బీపీ మళ్లీ చూసి, విరేచనాన్ని ల్యాబ్‌కి పంపి, అప్పుడు స్థిమితపడ్డారు. ఇంకొక ఉపయోగం కూడా జరిగింది. బొగ్గు ఇతర మందుల్ని కూడా పీల్చేసుకుంటుంది. అది వేసుకున్న వెంటనే మరో మాత్ర మింగిస్తే ఆ మాత్ర సరిగా పనిచేయదు. కాబట్టి మా మందుకీ ఆ బొగ్గుకీ మధ్య కొన్ని గంటలు ఎడం పెట్టారు, ఇక బొగ్గు వద్దన్నారు.

మీకు అర్థం లేనిదిగా తోచిన మాటనే ముందు చెప్పండి. అర్థం లేదని మీరు వదిలేసింది అవతల డాక్టరుకి అన్నిటికంటే అర్థమున్న మాట కావచ్చు. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో దీనికి ఎదురుగా జరిగింది. పద్దెనిమిదేళ్ల కుర్రవాడిని స్పృహ లేకుండా ఆసుపత్రికి తెచ్చారు. వారిది క్యూబా కుటుంబం. వాళ్లు స్పానిషులో 'ఇంటాక్సికాడో' అన్నారు. ఏదో చెడు తిండి తిని వికటించిందని వారి ఉద్దేశం. ఆసుపత్రివాళ్లకి అది ఇంగ్లీషు 'ఇంటాక్సికేటెడ్'లా వినిపించి, మత్తుమందు ఎక్కువ తీసుకున్నాడనుకున్నారు. నిజానికి మెదడులో రక్తస్రావం. అది తేలేసరికి ఆలస్యమై ఆ పిల్లవాడికి కాళ్లూ చేతులూ పడిపోయాయి. అక్కడ ఎవరూ దుభాషిని పిలవలేదు, ఎందుకంటే మాట అర్థమైపోయిందని రెండు వైపులా అనుకున్నారు. తెలిసినట్టున్న మాట దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఇప్పుడు మందుల సంగతికి వద్దాం. ఆమె చేతిలో ఒక మాత్రల అట్ట ఉంది. ఆసుపత్రికి రాకముందు కుర్రవాడే దగ్గర్లోని మందుల షాపుని లేపించి 'జ్వరం, విరేచనాలు' అని చెప్పి తెచ్చాడు. ఆమె వేసుకోలేదు. ఆ అట్ట మాకు చూపించి తల అడ్డంగా ఊపుతోంది. కుర్రవాడు కాస్త నొచ్చుకున్నట్టే, "ఈ బిళ్లలు ఆవిడకి పడవటండీ" అన్నాడు.

మన భాషలో 'పడదు' అన్నది చాలా గొప్ప మాట, అందుకే చాలా ప్రమాదమైన మాట. వంకాయ పడదంటాం, అంటే దురద వస్తుందని. పాలు పడవంటాం, అంటే ఉబ్బరం, విరేచనం అవుతుందని. ఆ మాత్ర పడలేదంటాం, అంటే కడుపులో మంట పుట్టిందని. అత్తగారికీ కోడలికీ పడదని కూడా అంటాం. ఇన్నిటిలో డాక్టరుకి వినిపించేది ఏది? నేను ఆ మాట విని వాంతి అవుతుందేమో అనుకున్నాను. కానీ డాక్టరుగారు వదలలేదు. "పడకపోతే ఏమవుతుందో అడుగు. ఎప్పుడైంది, వేసుకున్న ఎంతసేపటికి అయింది?" అన్నారు. ఆమె తడుముకుంటూ చెప్పింది. చిన్నతనంలో పెన్సిలిన్ ఇచ్చారు, గంటలోపే ఒళ్లంతా ఎర్రబడింది, "మై ఫేస్ వాజ్ థిక్". కుర్రవాడు, "ముఖం లావయిందట" అని నవ్వాడు. జర్మన్లు వాపుని అలా అంటారట, తర్వాత తెలిసింది. అప్పుడు ఆమె తన పెదవుల మీద, కళ్ల చుట్టూ వేలు తిప్పి చూపించేసరికి అందరికీ అర్థమైంది. ముఖం వాచింది.

గంటలోపల దద్దుర్లు, పెదవులూ ముఖమూ వాపు అంటే నిజమైన ఎలర్జీ. రెండోసారి గొంతు వాచి ఊపిరాడకపోవచ్చు, బీపీ పడిపోవచ్చు. ఆ అట్ట మీద ఉన్నది అమాక్సిసిలిన్. అది పెన్సిలిన్ కుటుంబంలోదే. కంపెనీ పెట్టిన పేరు పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అసలు మందు పేరు కింద సన్నగా ఉంటుంది. ఆమె ఆ సన్న అక్షరాలు చదివి, చివర 'సిలిన్' అని చూసి ఆగిపోయింది. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లాక్సాసిలిన్ అన్నీ అలాగే ముగుస్తాయి. కుర్రవాడి ముఖం పాలిపోయింది. వాడిని ఎవరూ ఏమీ అనలేదు. మంచి పని చేయబోయి తెచ్చాడు.

కాబట్టి 'పడదు' అన్న దగ్గర మీరు ఆగి, ఒళ్లు మీద దద్దుర్లా, ముఖం వాపా, ఆయాసమా, లేక వికారం, విరేచనమా అని అడిగి ఆ జవాబు చెప్పండి. మొదటి మూడూ ఎలర్జీ లక్షణాలు. చివరి రెండే అయితే చాలాసార్లు మందు కలిగించే ఇబ్బంది మాత్రమే. పాలు పడవన్నవారికి ఎక్కువగా ఉండేది పాలలోని చక్కెర అరగకపోవడం, దానికి ప్రాణభయం లేదు. తిండి విషయంలో ఒక్క మాట. విదేశీయులు 'నట్స్ ఎలర్జీ' అంటే మనవాళ్లు వేరుశనగ అని చెప్పి ఊరుకుంటారు. వారి లెక్కలో జీడిపప్పు, బాదం కూడా నట్సే. పలాస ఉన్న జిల్లాలో ఉప్మాలో, పొంగలిలో, మిఠాయిలో జీడిపప్పు లేనిదెక్కడ? ఏ గింజలో పేరుపేరునా అడగాలి, చేతిలో పెట్టి చూపిస్తే ఇంకా మంచిది.

వేసుకుంటున్న మందులు అడిగినప్పుడు ఆమె "నథింగ్" అంది. రోగులు ఎప్పుడూ అలాగే అంటారు, జబ్బుకి వేసుకునేవే మందులని వారి లెక్క. మలేరియా రాకుండా ఏమైనా, గర్భం రాకుండా ఏమైనా, విరేచనం కట్టడానికి ఏమైనా అని విడివిడిగా అడిగితే బయటపడింది. మలేరియా రాకుండా రోజూ డాక్సీసైక్లిన్ గుళిక వేసుకుంటోంది, అదీ ఆ రెండు రోజులు ఖాళీ కడుపున. దానివల్ల కూడా వికారం, గుండెలో మంట వస్తాయి. గుళిక వేసుకుంటున్నా జ్వరం ఉంది కాబట్టి మలేరియా రక్తపరీక్ష చేశారు, లేదని వచ్చింది. విరేచనం కట్టే లోపరమైడ్ సాయంత్రం రెండు వేసుకుందట. జ్వరం ఉన్నప్పుడు, రక్తం పడుతున్నప్పుడు అది వాడకూడదు. అది చెప్పకపోతే తెల్లారాక విరేచనాలు తగ్గితే మందు పనిచేసిందని మేం మోసపోయేవాళ్లం. పేర్లు పలకడం రాకపోతే సంచి మొత్తం బల్ల మీద పరిపించండి. అమెరికా వాళ్లయితే పారాసెటమాల్‌ని 'ఎసిటమినోఫెన్' అంటారు. రెండూ ఒకటేనని తెలియక రెండూ మింగేవాళ్లున్నారు, అది కాలేయానికి చేటు.

ఇదంతా జరుగుతున్నప్పుడు ఆయా, రిజిస్టరు అమ్మాయి బొగ్గు మాటకి కిసుక్కున నవ్వుకున్నారు. ఆమెకి తెలుగు రాదు, నవ్వు మాత్రం అర్థమైంది. కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆదికాండము 42వ అధ్యాయంలో యోసేపు అన్నలు మధ్యలో దుభాషి ఉన్నాడు కదా, ఈయనకి మన మాట తెలియదులే అనుకుని తమలో తాము మాట్లాడుకున్నారు. యోసేపు అంతా విని అవతలికి వెళ్లి ఏడ్చాడు. రోగి ఎదుట మీరు మాతో ఏం మాట్లాడినా, 'డాక్టరుగారితో ఇలా అన్నాను' అని ఆ రోగికి కూడా చెప్పండి.

చివరికి మందు చీటీ. డాక్టరుగారు అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు రోజుకొకటి మూడు రోజులు రాశారు. అది పెన్సిలిన్ కుటుంబం కాదు. జ్వరానికి పారాసెటమాల్, అన్నిటికన్నా ముఖ్యంగా ఓఆర్‌ఎస్. నేను కుర్రవాడితో, "ఒక ప్యాకెట్టు నీళ్లలో కలుపుకుని తాగమను" అన్నాను. వాడు అలాగే చెప్పాడు. అప్పుడు నేను, "ఎలా కలుపుతుందో ఆమెనే చెప్పమను" అన్నాను. ఆమె గ్లాసు చూపించింది. తప్పు వాడిది కాదు, నాది. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకి. గ్లాసులో కలిపితే ఉప్పు మరీ ఎక్కువై దాహం పెరుగుతుంది, ఒంటికి చేటు. లీటరు సీసా తెప్పించి, ఆమె చేతనే మొత్తం ప్యాకెట్టు పోయించి, విరేచనం అయిన ప్రతిసారీ ఒక గ్లాసు, వాంతి వస్తే పది నిమిషాలాగి చెంచాతో కొంచెం కొంచెం, కలిపినది ఒక రోజు దాటితే పారబోయడం, ఇవన్నీ ఆమె చేత తిరిగి చెప్పించాం. మాత్రల అట్టల మీద సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసి ఇచ్చాను. విరేచనంలో రక్తం కనబడినా, ఆరు గంటలు ఒంటేలు రాకపోయినా, తాగినదేదీ కడుపులో నిలవకపోయినా వెంటనే రమ్మన్నాం. 'పెన్సిలిన్ ఎలర్జీ, ముఖం వాపు' అని ఎర్రసిరాతో చీటీ మీద ఇంగ్లీషులో రాసి ఆమె పాస్‌పోర్టులో పెట్టించారు డాక్టరుగారు.

పొద్దున్న పదింటికి మళ్లీ చూస్తే విరేచనాలు రెండుకి తగ్గాయి, జ్వరం వారి లెక్కలో 37.4. గంజిలో ఉప్పు వేసి ఇస్తే తాగింది. కుర్రవాడు అప్పటికి బాగా నేర్చుకున్నాడు. ఆమె ఏదో అంటే నావైపు తిరిగి, "సిస్టరమ్మా, ఇది ఆవిడ మాట, నాది కాదు" అని ముందే చెప్పి, "మీ గంజిలో ఉప్పు చాలా ఎక్కువైందట" అన్నాడు.